నేలకు అంటని పాదం

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం గ్రాఫిక్స్ ల్యాబ్ తన మోషన్ క్యాప్చర్ రికార్డింగులను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి చాలా ఏళ్లయింది. అందులో రెండున్నర వేలకు పైగా ముక్కలున్నాయి. నడక, పరుగు, గంతులు, నాట్యం, ఇలా ఏది కావాలంటే అది దొరుకుతుంది. సుమారు 3 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున్న స్థలం చుట్టూ 12 ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెట్టి, నటుడి నల్లటి దుస్తుల మీద 41 మార్కర్లు అంటించి, సెకనుకు 120 ఫ్రేముల చొప్పున తీసినవి ఇవి. యానిమేషన్ నేర్చుకునేవాళ్లు ఇందులోంచి ఓ నడకను దించుకుని, తమ బొమ్మకు తగిలించి ప్లే నొక్కుతారు. బొమ్మ అచ్చం మనిషిలాగే నడుస్తుంది. రెండోసారి చూసేసరికి లోపాలు బయటపడతాయి. మణికట్టు సన్నగా వణుకుతూ ఉంటుంది. నేల మీద ఆనిన పాదం కదలకుండా ఉండాల్సింది పోయి, తడిసిన పాలిష్ బండల మీద పెట్టినట్టు జర్రున జారుతుంది.

ఈ వణుకునే జిట్టర్ అంటారు, జారుడును ఫుట్ స్లైడ్ అంటారు. గేమ్‌లోకి వెళ్లే ముందు రెండింటినీ వదిలించాలి, ఆ తర్వాత డేటా బరువు కూడా తగ్గించాలి. విడివిడిగా చూస్తే మూడూ చిన్న పనులే. చిక్కంతా ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి చెడడంలో ఉంది.

ముందు వణుకు సంగతి. కెమెరాకు మార్కర్ ఒక తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. నాలుగైదు కెమెరాలు ఒకే చుక్కను చూసినప్పుడు సాఫ్ట్‌వేర్ వాటి చూపులు కలిసే చోటును లెక్కగడుతుంది. నటుడి చెయ్యి అడ్డొచ్చి ఒక కెమెరాకు ఆ చుక్క కనబడకపోతే, మిగిలిన కెమెరాల లెక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ కెమెరాకు మళ్లీ కనబడగానే లెక్క వెనక్కి వస్తుంది. ఇలా ఫ్రేము ఫ్రేముకూ జరిగే సన్నటి అటూ ఇటూనే వణుకుగా కనిపిస్తుంది. దీనికి తోడు ఇంకో రకం తప్పు ఉంది. చెయ్యి తుంటి పక్కగా ఊగుతున్నప్పుడు రెండు మార్కర్లు దగ్గరపడితే, సాఫ్ట్‌వేర్ ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టేస్తుంది. అప్పుడు మణికట్టు ఒక్క ఫ్రేము పాటు తుంటి దగ్గరికి ఎగిరిపోయి తిరిగొస్తుంది. గ్రాఫ్‌లో ఇది మేకులా నిటారుగా పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మేకుల్ని ముందే పీకేసి, ఆ ఖాళీని పక్క ఫ్రేముల ఆధారంగా పూడ్చాలి. అలా చేయకుండా నేరుగా ఫిల్టర్ వేస్తే ఒక్క ఫ్రేములో ఉన్న తప్పు చుట్టూ ఉన్న పది ఫ్రేములకు పాకుతుంది. అప్పుడది తప్పులా కాక, బొమ్మ కావాలని చెయ్యి విదిలించినట్టు కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. కోణాల విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. కీలు 179 డిగ్రీల నుంచి ఇంకో రెండు డిగ్రీలు తిరిగితే ఫైలులో 181 బదులు మైనస్ 179 అని పడొచ్చు. కంటికి తేడా తెలియదు. ఫిల్టర్‌కు మాత్రం అది 358 డిగ్రీల దూకుడే. దాన్ని నునుపు చేయబోయి కీలును గిర్రున తిప్పేస్తుంది. అందుకే కోణాలను ముందు ఒక వరుసలోకి విప్పుకోవాలి.

సన్న వణుకుకు వాడే ఫిల్టర్లలో బటర్‌వర్త్ పాత కాపు. నెమ్మదిగా మారేదాన్ని ఉంచి, మరీ వేగంగా అటూ ఇటూ ఊగేదాన్ని తీసేయడం దాని పని. ఎంత వేగం దాటితే తీసేయాలన్నది మనం చెప్పాలి. మామూలు నడకలో అసలు కదలిక దాదాపుగా సెకనుకు 6 ఊపుల లోపే, అంటే 6 హెర్ట్జ్ లోపే ఉంటుందని డేవిడ్ వింటర్, ఆయన సహచరులు 1974లోనే చూపించారు. నడకకు ఇప్పటికీ చాలామంది ఆ అంకె దగ్గరే మొదలుపెడతారు. ఫిల్టర్‌ను ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఇంకోసారి వెనక నుంచి ముందుకి నడపాలి. ఒకవైపే నడిపితే కదలిక మొత్తం కొంచెం ఆలస్యమవుతుంది.

అదే 6 హెర్ట్జ్‌ను పిడిగుద్దుకు వేస్తే గుద్దు చచ్చిపోతుంది. పిడికిలి తగిలి ఆగడం కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే పని, ఫిల్టర్ దృష్టిలో అది కూడా వణుకే. అందుకని పోరాటం ముక్కల్లో హద్దు పెంచుతారు, లేదా దెబ్బ తగిలే ఫ్రేముల్ని వదిలేసి మిగతా చోట్ల మాత్రమే నునుపు చేస్తారు. నడకలోనూ దీని ఛాయ ఉంటుంది. మడమ నేలకు తగిలి టక్కున ఆగే మూలను ఫిల్టర్ గుండ్రం చేస్తుంది. ఆగాల్సిన పాదం ఇంకో రెండు మూడు ఫ్రేములు పాకుతూ పోతుంది. వణుకు పోయిందనుకున్న చోటే జారుడు మొదలైందన్నమాట. పాదం పని ఫిల్టర్ తర్వాతే పెట్టుకోవడానికి కారణం ఇదే.

పాదం ఇంతగా ఇబ్బంది పెట్టడానికి అస్థిపంజరం కట్టిన తీరు కారణం. కంప్యూటర్‌లో బొమ్మ తుంటి నుంచి మొదలవుతుంది. తుంటికి తొడ, తొడకు పిక్క, పిక్కకు పాదం తగిలించి ఉంటాయి. పై కీళ్లలో ఎక్కడ తప్పున్నా అది కిందికి దిగి చివరికి పాదం దగ్గర తేలుతుంది. తుంటి నుంచి చీలమండ దాకా 80 సెంటీమీటర్లనుకుంటే, తుంటి కీలులో అర డిగ్రీ తేడా చీలమండ దగ్గర 7 మిల్లీమీటర్లవుతుంది. చేతికి 7 మిల్లీమీటర్లు లెక్కే కాదు, గాలిలో ఊగేదాన్ని ఎవరూ కొలవరు. పాదం కింద మాత్రం నేల ఉంది, పలకల గీతలున్నాయి.

ఇంతకన్నా పెద్ద జారుడు నటుడి కదలికను వేరే కొలతలున్న బొమ్మకు ఎక్కించినప్పుడు వస్తుంది. నటుడి కాలు 90 సెంటీమీటర్లు, రెండు అడుగుల్లో అతను ముందుకు వెళ్లే దూరం 140 అనుకుందాం. బొమ్మ కాలు 80 సెంటీమీటర్లే. అవే కోణాలతో దాని కాళ్లు వేయగలిగేది దాదాపు 124. తుంటి మాత్రం 140 వెళ్తుంది. మిగిలిన 16 సెంటీమీటర్లూ రెండు పాదాలు జారి తీర్చాల్సిందే. ఇక్కడ పాదాన్ని ఎంత పట్టుకున్నా లాభం లేదు. ముందు తుంటి ప్రయాణాన్ని కాలి పొడవు నిష్పత్తిలో కుదించాలి. అప్పుడు మిగిలేది అసలైన చిల్లర జారుడు.

దాన్ని పట్టుకోవాలంటే పాదం నేల మీద ఎప్పుడు ఆని ఉందో తెలియాలి. మామూలు నడకలో ఒక్కో పాదం ఆవృత్తంలో సుమారు 60 శాతం సేపు నేల మీదే ఉంటుంది. ఎత్తు రెండు మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, వేగం కూడా బాగా తగ్గిన ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్ ఆనినట్టు గుర్తిస్తుంది. మడమకు, మునివేళ్లకు విడివిడిగా గుర్తించాలి. మడమ ముందు తగులుతుంది, ముందే లేస్తుంది. వేళ్లు ఆఖరున వదులుతాయి. మొత్తం పాదాన్ని ఒకే ముద్దలా బిగిస్తే బొమ్మ గొబ్బ చెప్పులు తొడుక్కున్నట్టు నడుస్తుంది.

ఈ గుర్తింపు వదిలేసే చోట్లు, పొరబడే చోట్లు చాలానే ఉంటాయి. ‘పుష్ప’లోని శ్రీవల్లి పాటలో అల్లు అర్జున్ కాలు ఈడ్చుకుంటూ వేసే స్టెప్పును మోకాప్ చేశారనుకోండి. సాఫ్ట్‌వేర్‌కు అది నేల మీద జారుతున్న పాదమే, అంటే దిద్దాల్సిన తప్పే. దిద్దేస్తే స్టెప్పే ఉండదు. ఏ జారుడు తప్పో, ఏది నాట్యమో మనిషి కూర్చుని ఫ్రేములు చూసి చెప్పాల్సిందే.

ఆనిన ఫ్రేములు తేలాక పాదానికి ఒక చోటు ఖాయం చేసి అక్కడ బిగిస్తారు. తుంటి, మోకాలు ఎంత వంగితే పాదం అక్కడికి చేరుతుందో ఐకే అనే లెక్క చెబుతుంది. బిగించే ముందు, వదిలేటప్పుడు నాలుగైదు ఫ్రేముల్లో మెల్లగా కలపకపోతే పాదం ఠపీమని అతుక్కుని ఠపీమని ఊడుతుంది. ఇంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాతే మోకాలు ఎగరడం మొదలవుతుంది.

ఎందుకో లెక్క వేస్తే తెలిసిపోతుంది. తొడ 40, పిక్క 40 సెంటీమీటర్లు. కాలు పూర్తిగా చాచి ఉన్నప్పుడు చీలమండను తుంటి వైపు ఒక్క సెంటీమీటరు జరపాలంటే మోకాలు సుమారు 18 డిగ్రీలు వంగాలి. అదే మోకాలు అప్పటికే 60 డిగ్రీలు వంగి ఉంటే 3 డిగ్రీలు చాలు. నడకలో మడమ తగిలే క్షణంలో కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. సరిగ్గా అక్కడ సెంటీమీటరు సర్దుబాటు చేస్తే మోకాలు ఒక్కసారిగా ముందుకు పొడుచుకొస్తుంది. లూకస్ కోవర్, జాన్ ష్రైనర్, మైకేల్ గ్లైచర్ 2002లో ఈ సమస్య మీద ఒక పరిశోధన పత్రం రాశారు. వాళ్ల ఉపాయం వినడానికి వింతగా ఉంటుంది: అవసరమైన ఫ్రేముల్లో ఎముకను కాస్త సాగనివ్వాలి. ఎముక కాసింత పెరిగిందని చూసేవాళ్లు పట్టుకోలేరు, మోకాలు ఎగిరితే మాత్రం వెంటనే పట్టేస్తారు. ఎముకలు సాగడం కుదరని గేమ్‌లలో తుంటిని ఒకటి రెండు సెంటీమీటర్లు నెమ్మదిగా దించి సరిపెడతారు.

ఇక బరువు. 30 కీళ్లు, ఒక్కోదానికి మూడు కోణాలు, తుంటి చోటుకు మూడు అంకెలు కలిపి ఫ్రేముకు 93 సంఖ్యలు. సెకనుకు 120 ఫ్రేములంటే 11,160 సంఖ్యలు. సంఖ్యకు 4 బైట్ల చొప్పున గంట కదలికకు 160 ఎంబీలు దాటుతుంది. దీన్ని 30 ఫ్రేములకు దించితే నాలుగో వంతు మిగులుతుంది. ఆపైన ఒక్కో గ్రాఫ్‌లో అక్కర్లేని కీలు ఏరేస్తారు. మొదటి, చివరి కీల మధ్య గీత గీసి, దానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న కీని ఉంచి, రెండు ముక్కల్లోనూ మళ్లీ అదే చేస్తూ, దూరం మన హద్దు లోపలికి రాగానే ఆగడం ఒక పద్ధతి. పటాల్లో గీతల్ని సరళం చేయడానికి డగ్లస్, పోయ్‌కర్ 1973లో ప్రచురించిన పద్ధతే ఇది. ఒక నడక ఆవృత్తంలో తొడ ఊపుకు 33 కీలు ఉంటే, వంపు గీతలతో కలిపినప్పుడు ఏడెనిమిదితో పని జరిగిపోవచ్చు.

ఆ హద్దు దగ్గరే పాదం మళ్లీ జారుతుంది. యూనిటీలో కీల తగ్గింపుకు కోణం విషయంలో ముందే పెట్టి ఉన్న హద్దు 0.5. ముంజేతికి, మెడకు అది బాగానే ఉంటుంది. తుంటిలో అర డిగ్రీ, మోకాలిలో అర డిగ్రీ ఒకే దిక్కుకు పడితే చీలమండ సెంటీమీటరు దాకా పక్కకు పోతుంది. కష్టపడి బిగించిన పాదం మళ్లీ పాకుతుంది. అందుకని తుంటికి, కాళ్లకు హద్దు బిగించి, వేళ్లకు వదులుగా ఇస్తారు. పాదం ఆనే, వదిలే ఫ్రేముల్లో కీలు పోకుండా కాపాడతారు.

నికొలస్ ఫ్రెషెట్ రాసిన ఏసీఎల్ అనే కంప్రెషన్ లైబ్రరీ కొలిచే పద్ధతినే మార్చింది. అది ప్రధానంగా కీలు తీసేయడం కన్నా ఒక్కో సంఖ్యకు వాడే బిట్లను తగ్గిస్తుంది. తప్పును మాత్రం కీలులోని డిగ్రీల్లో కాకుండా, ఎముక చుట్టూ చర్మం ఉండే చోట సెంటీమీటర్లలో చూస్తుంది. పై ఎముకల తప్పు కింద ఎంతవుతుందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందులో మామూలుగా పెట్టి ఉండే హద్దు 0.01 సెంటీమీటరు. కెమెరా ముందు నిలబడే కథానాయకుడికి అలాంటి హద్దు అవసరం. మైదానం అవతల కూర్చుని చప్పట్లు కొట్టే ప్రేక్షకులకు దాన్ని ఎన్నో రెట్లు వదులు చేసినా ఎవరి కంటా పడదు, ఎందుకంటే వాళ్ల పాదాలు ముందు వరుస కుర్చీల వెనక ఉంటాయి.