బిల్లుకో మొక్క: లెక్క చెప్పే ఆఫర్ ఎలా ఉంటుంది?

ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం. ఆ వారమంతా బట్టల షాపులు, ఫోన్ల షోరూములు, ఆన్‌లైన్ అంగళ్లు ఒకే మాట చెబుతుంటాయి: ‘మీరు కొనండి, మీ పేరున మేం చెట్టు నాటుతాం.’ ఏ చెట్టు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఆ మాటలో ఉండవు. నాటింది బతికిందో లేదో కొన్నవాళ్లకు ఎవరు చెబుతారన్నదీ ఉండదు. ఈ వివరాలు లేకపోతే ఆ ప్రకటనను తర్వాత ఎవరూ సరిచూడలేరు.

అమెరికాలో ఆస్పిరేషన్ అనే ఆర్థిక సేవల సంస్థ ఉండేది. దాని కార్డుతో ఏదైనా కొన్నప్పుడు బిల్లులోని చిల్లరను పై డాలరుకు సర్దుబాటు చేసుకుని, ఆ డబ్బుతో చెట్టు నాటిస్తామని చెప్పేది. 2021 నాటికి మూడున్నర కోట్ల చెట్లని ప్రచారం చేసుకుంది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ ఆరా తీస్తే అప్పటికి భూమిలోకి వెళ్లినవి సుమారు కోటీ 20 లక్షలేనని తేలింది. మిగతావి ఇకముందు నాటడానికి కుదిరిన ఒప్పందాలు. ‘నాటాం’, ‘నాటిస్తాం’ అనే రెండింటినీ ఒకే అంకెలో కలిపేయడమే అక్కడ జరిగింది.

మన దగ్గరా ఆ రెండింటికీ మధ్య దూరం తప్పదు. ఏప్రిల్ నాలుగో వారమంటే ఎండలు ముదిరే సమయం. అప్పుడు పాతిన మొక్కకు రోజూ నీళ్లు పోస్తే తప్ప రోహిణి కార్తె దాటదు. మృగశిరలో తొలకరి పడి, ఆరుద్రలో నేల బాగా తడిశాక నాటడమే మన రైతుకు తెలిసిన పద్ధతి. ఆరుద్ర కార్తె మొదలయ్యేది జూన్ 22 ప్రాంతంలో, అంటే ధరిత్రీ దినోత్సవానికి సరిగ్గా రెండు నెలల తర్వాత. కాబట్టి నిజాయితీ గల ఆఫర్ ‘ఈ రోజే నాటుతున్నాం’ అనదు. ‘ఇప్పుడు డబ్బు పక్కన పెడుతున్నాం, వానలు పడ్డాక ఫలానా తేదీలోగా నాటుతాం’ అంటుంది.

మరి ఏం నాటాలి? కొన్నేళ్ల క్రితం మన పట్టణాల రోడ్ల డివైడర్ల మీద కోనోకార్పస్‌ను విరివిగా పెట్టారు. అది త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, పశువులు పెద్దగా ముట్టవు. అంకెలు చూపించుకోవడానికి అంతకంటే అనువైన మొక్క దొరకదు. తీరా పుప్పొడితో అలర్జీలు, వేళ్లతో పైపులకు నష్టం అంటూ ఫిర్యాదులు రావడంతో తెలంగాణ, గుజరాత్ ప్రభుత్వాలు దాన్ని నాటవద్దన్నాయి. ఇక జామాయిల్, సుబాబుల్ తోటలు కాగితం మిల్లుల కోసం కొన్నేళ్లకే నరికే పంట. రైతుకు అది ఆదాయమే, తప్పు లేదు. కానీ ఆ తోటను చూపించి ‘చెట్లు పెంచుతున్నాం’ అంటే కొన్న మనిషి ఊహించుకున్నది అది కాదు. అందుకే ప్రకటనలో మొక్కల పేర్లు, ఒక్కో రకం ఎన్ని, వాటిని నరుకుతారా లేదా అన్నది ఉండాలి.

ఇవన్నీ ఉన్న ప్రకటన ఎలా ఉంటుందో చూడటానికి ఒక బట్టల షాపును ఊహించుకుందాం. అది ఇలా రాస్తుంది: ‘ఏప్రిల్ 18 నుంచి 22 వరకు రూ.1,500 దాటిన ప్రతి బిల్లుకూ ఒక మొక్క. తక్కువలో తక్కువ 800, ఎక్కువలో ఎక్కువ 2,000. కానుగ, వేప, నేరేడు, రేల సమానంగా. ఫలానా ఊరి పంచాయతీ భూమిలో, పంచాయతీ తీర్మానంతో జులై 31లోగా నాటుతాం. మూడేళ్లు నీళ్లు, కంచె ఖర్చు మాది. ఈ మొక్కలు ఏ ప్రభుత్వ పథకం లెక్కలోకీ రావు. మొదటి లెక్క అక్టోబరులో, రెండోది వచ్చే జూన్‌లో.’

ఇందులో ఏ మాటా అలంకారానికి పెట్టింది కాదు. గరిష్ఠ పరిమితి చెబితే, అది దాటాక కొన్నవాళ్లకు మొక్క రాదని ముందే తెలుస్తుంది. ప్రభుత్వ పథకం మాట ఎందుకంటే, ఉపాధి హామీ కూలీలు నాటిన మొక్కల పక్కనే బోర్డు పెట్టి కంపెనీ ఖాతాలో వేసుకునే వీలుంది. స్థలం చెబితే ఇంకో లెక్కా సరిచూడొచ్చు. అయిదేసి మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 160 మొక్కలు పడతాయి. ఎకరంలో రెండు వేల చెట్లు అని ఎవరైనా అంటే, అవి ఎంత దగ్గరగా నాటారో, ఎన్ని నిలుస్తాయో అడగాల్సిందే.

అసలు చిక్కు లెక్క చెప్పేచోట వస్తుంది. ఆ షాపులో 1,600 బిల్లులు తేలాయనుకుందాం. పదెకరాల్లో 1,600 మొక్కలు నాటారు. అక్టోబరులో చూస్తే 1,410 బతికున్నాయి. ఖాళీ అయిన 190 గుంతల్లో కొత్త మొక్కలు పెట్టారు. వేసవి దాటాక, జూన్‌లో, మొదట నాటినవాటిలో 1,120, కొత్తవాటిలో 110 మిగిలాయి. ఇప్పుడు షాపు మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ‘1,790 మొక్కలు నాటాం’ అనొచ్చు. అది అబద్ధం కాదు గానీ, చచ్చినవీ అందులోనే ఉన్నాయి. ‘77 శాతం బతికాయి’ అనొచ్చు. అందులో మార్చి పెట్టినవి కలిసి ఉన్నాయి. మొదట నాటినవి మాత్రమే చూస్తే 70 శాతం. మంచి నివేదిక ఈ మూడు అంకెలనూ ఒకే పట్టికలో పెట్టి, 1,600 వాగ్దానానికి 1,230 నిలిచాయని, తక్కువైన 370 మళ్లీ ఈ వానల్లో నాటుతామని రాస్తుంది.

లెక్కపెట్టే సమయం కూడా ముఖ్యమే. వానాకాలంలో ప్రతి మొక్కా పచ్చగానే కనిపిస్తుంది, అసలు పరీక్ష మొదటి వేసవి. అక్టోబరు లెక్క ఖాళీలు పూడ్చుకోవడానికి, జూన్ లెక్క నిజం చెప్పడానికి. ఆకు రాలినంత మాత్రాన మొక్క చచ్చినట్టు కాదు. గోటితో బెరడు కాస్త గీకితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. వేలల్లో ఉంటే అన్నీ చూడటం కష్టం కాబట్టి చీటీ వేసి వరుసలు ఎంచి లెక్కపెట్టాలి. దారి పక్క వరుసలకు నీళ్లు బాగా అందుతాయి, కెమెరా పడేదీ వాటి మీదే. చూసినవాళ్లెవరో, నాటించిన సంస్థవారా బయటివారా అన్నదీ నివేదికలో ఉండాలి.

నివేదిక వచ్చినా అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బిల్లుల సంఖ్య, బతికిన మొక్కల సంఖ్య అచ్చంగా ఒకటే అయితే ఎవరూ పొలంలోకి వెళ్లలేదన్నమాట. నాటిన రోజు ఫోటోలే ఉండి, అదే చోట నుంచి ఏడాది తర్వాత తీసిన ఫోటో లేకపోతే లెక్క సగంలో ఆగిందన్నమాట. ‘మీ చొక్కా కాలుష్యాన్ని ఈ మొక్క మాపేసింది’ అంటే మరీ జాగ్రత్త. మొక్క చెట్టయి, చెప్పుకోదగ్గ కార్బన్ పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా అది బతకాలి కూడా.

మన దేశంలో ఇలాంటి ప్రకటనలకు నియమాలు వచ్చాయి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 అక్టోబరులో పర్యావరణ ప్రచారాలపై మార్గదర్శకాలు తెచ్చింది. చెప్పేదానికి సరిచూడగల ఆధారం ఉండాలి. ముందుముందు చేస్తామనే మాటకు స్పష్టమైన, ఆచరించగల ప్రణాళిక ఉండాలి. వివరాలను ప్రకటనలోనే గానీ, క్యూఆర్ కోడ్ ద్వారా గానీ ఇవ్వాలి.

ఈసారి బిల్లు కౌంటరు దగ్గర ‘మీ పేరున మొక్క’ అంటే, ఏ మొక్క, ఏ ఊరిలో, వచ్చే జూన్‌లో లెక్క ఎక్కడ చూడాలి అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉంటే ఆ బిల్లును జాగ్రత్త చేసుకుని, చెప్పిన నెలలో లెక్క చూడండి. జవాబు లేకపోతే ఆఫర్‌ను పక్కన పెట్టి, సరుకు ధర, నాణ్యత మాత్రమే చూసి కొనండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.