రిఫ్యూజ్డ్ అని చూపిస్తోంది, కానీ కథ అయిపోలేదు

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చేవాళ్ళ చేతులు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆఫీసరు పాస్‌పోర్టు లోపలే ఉంచుకుని "అప్రూవ్డ్" అంటే ఉత్త చేతులతో నవ్వుతూ వస్తారు. కొందరి చేతిలో మాత్రం ఒక కాగితం ఉంటుంది. దాని మీద 221(జి) అని ఉంటుంది. అమెరికా వలస చట్టంలో అదొక సెక్షను. వీసా ఇవ్వడానికి ఇప్పుడు చేతిలో ఉన్న వివరాలు చాలవని, ఇంకా కాగితాలు కావాలనో పరిశీలన మిగిలి ఉందనో దాని అర్థం. అది ఎప్పటికి తేలుతుందో కాగితం చెప్పదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యూజెర్సీలో హెచ్-1బి మీద పనిచేస్తున్న ఇంజనీరు ఒకాయన చెల్లెలి పెళ్ళికి ఖమ్మం వచ్చాడు. పిటిషన్ అప్రూవల్ కాగితం ఐ-797 చేతిలో ఉంది. పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఒక్కటే మిగిలింది. జూన్ 10న ఇంటర్వ్యూ, 25న తిరుగు టికెట్. ఉద్యోగం కన్సల్టెన్సీ ద్వారా వచ్చింది, పని మాత్రం వేరే క్లయింటు దగ్గర. ఆఫీసరు ఆ క్లయింటు గురించి నాలుగు ప్రశ్నలడిగి, క్లయింట్ లెటరు, రెజ్యుమె, చేసే పని వివరాలు కావాలని టిక్కులు పెట్టి స్లిప్పు చేతికిచ్చాడు.

ఆ రాత్రి ఆయన ceac.state.gov తెరుస్తాడు. అప్లికేషన్ నంబరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటిపేరులో మొదటి అయిదక్షరాలు కొడితే `Refused` అని వస్తుంది. ఇంట్లోవాళ్ళ గుండె జారిపోయేది ఇక్కడే. నిజానికి ఆ పదం కింద ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. పరిశీలన జరుగుతున్నంత కాలం కేసు `Refused` గానే ఉంటుందని, అది పూర్తయ్యాక మళ్ళీ నిర్ణయం తీసుకుంటారని అక్కడే రాసి ఉంటుంది. చట్టం లెక్కలో 221(జి) కూడా తిరస్కారమే, ఎందుకంటే ఆ రోజుకి వీసా ఇవ్వలేదు కదా. స్టూడెంట్ వీసాలకు తగిలే 214(బి) మాత్రం వేరు. 'నువ్వు తిరిగొస్తావని నమ్మకం లేదు' అనే ఆ సెక్షను కింద ఆ దరఖాస్తు అక్కడితో ముగుస్తుంది. హెచ్-1బి వాళ్ళకి ఆ నిరూపణ అక్కర్లేదు. "మా తోడికోడలి కొడుక్కి కూడా అలాగే రిజెక్ట్ అయింది" అని పెద్దమ్మ ఫోన్లో ఓదారిస్తే, ఆ అబ్బాయికి తగిలింది ఏ సెక్షనో ముందు కనుక్కోవడం మంచిది.

స్లిప్పు చూడగానే తేల్చుకోవాల్సింది ఒకటే: బంతి ఎవరి చేతిలో ఉంది? కాగితాలు అడిగితే మన చేతిలో ఉన్నట్టు. స్లిప్పు మీద చెప్పిన పద్ధతిలోనే, అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే ఫైలు మళ్ళీ వెనక్కి పోతుంది. ఏడాదిలోగా పంపకపోతే కొత్త దరఖాస్తు, మళ్ళీ ఫీజు. ఏమీ అడగకుండా 'అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్' అని మాత్రమే టిక్కు పెడితే బంతి వాళ్ళ దగ్గరుంది. అది భద్రతా తనిఖీ కావచ్చు, చేసే సాంకేతిక పని మీద ప్రశ్న కావచ్చు, సోషల్ మీడియా పరిశీలన కావచ్చు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ళు కూడా తమ ఖాతాలను అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలన్న నిబంధన వచ్చింది. ఇలాంటప్పుడు మనం పంపగలిగేదేమీ లేదు.

మన ఇంజనీరు జూన్ 14న కాగితాలు పంపాడు. రెండు రోజులకి వెబ్‌సైటులో 'లాస్ట్ అప్‌డేటెడ్' తేదీ మారింది. ఇక ఇంట్లో పండగ. ఆ తేదీ మారిందంటే ఎవరో ఫైలు ముట్టుకున్నారని మాత్రమే. వారం పాటు రోజూ మారి నెల రోజులు కదలని కేసులుంటాయి, తేదీ మారకుండానే ఒక ఉదయం `Issued` కి వచ్చేవీ ఉంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో దీనికో జ్యోతిషమే తయారైంది: మంగళవారం మారితే మంచిదని, రెండుసార్లు మారితే పాస్‌పోర్టు అడుగుతారని. నా మాట వింటే ఆ గ్రూపుల్లోంచి కాగితాల జాబితా ఒకటి తీసుకుని బయటికి రావడం మేలు.

ఇంతగా ఎందుకు కుదిపేస్తుంది ఈ ఎదురుచూపు? 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాళ్ళ కింద పాము ఉందో లేదో ఊహించాలి, పాముంటే చేతికి చిన్న కరెంట్ షాక్. షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటికన్నా, సగం సగం అవకాశమున్నప్పుడే వాళ్ళ ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. `Refused` అని కనబడుతూనే అయిపోలేదని చెప్పే పేజీ సరిగ్గా ఆ సగం సగం దగ్గరే మనిషిని నిలబెడుతుంది.

"పాజిటివ్‌గా ఉండరా, వచ్చేస్తుంది" అనే బాబాయ్ మాట పెద్దగా పనిచేయకపోవడానికీ ఆధారం ఉంది. కాలిఫోర్నియాలో లాయర్ల పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసేవాళ్ళను కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం గమనించింది. ధైర్యంగా ఉండటానికి వాళ్ళు పడ్డ పాట్లు ఆందోళనను అంతగా తగ్గించలేదు. ఆ నెలల్లో బాగా బెంగపడ్డవాళ్ళు చెడువార్తను కాస్త తట్టుకోగలిగారు. అంటే బెంగపడటం తప్పేమీ కాదు. ఆ తర్వాత అదే బృందం చేసిన పరిశోధనల్లో, మనసును పూర్తిగా పట్టేసే పనిలో మునిగినప్పుడు ఎదురుచూపు తేలికపడుతుందని కనబడింది. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చినవాళ్ళ ముఖాల్లో ఆ కాసేపు కనిపించే నెమ్మదికి, భక్తితో పాటు ఇదీ ఓ కారణమేమో. పదకొండో చుట్టుతో ఆ పని పూర్తవుతుంది, వెబ్‌సైటు చూడ్డం మాత్రం ఎన్నిసార్లు చూసినా పూర్తి కాదు. చూడక తప్పదంటే రోజుకోసారి, పొద్దున కాఫీ అయ్యాక చూసి మూసేయొచ్చు.

ఈలోగా నిజంగా చేతిలో ఉన్న నిర్ణయాలు డబ్బువి. జూన్ 25 టికెట్ దాటిపోయింది. ఇండియా నుంచి పనిచేయనిస్తారా అని కంపెనీని ఈమెయిల్లోనే అడగాలి. పన్నులు, డేటా నిబంధనల వల్ల చాలా కంపెనీలు ఒప్పుకోవు, అప్పుడు జీతం లేని సెలవే. మన ఇంజనీరు ఆగస్టు 1 దాకా న్యూజెర్సీ అద్దె కడతానని, అప్పటికీ రాకపోతే స్నేహితుడికి తాళాలిచ్చి సామాను స్టోరేజీలో పెట్టించేస్తానని ముందే రాసుకున్నాడు. గడువు ఒకటి రాసుకోబట్టి ప్రతి రాత్రీ ఆ చర్చ మొదలవదు. ఇక్కడ గడిపే రోజుల్లో కాస్త ఊరట కూడా ఉంది. అమెరికా బయట గడిపిన పూర్తి రోజులను హెచ్-1బి ఆరేళ్ళ లెక్కలోంచి తిరిగి రాబట్టుకోవచ్చు. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు దాచుకుంటే పొడిగింపు వేళ లాయరు అడుగుతారు.

చెడు మలుపు ఎలా తెలుస్తుందంటే, కాన్సులేట్ పిటిషన్‌ను వెనక్కి పంపుతున్నామని చెబుతుంది. అప్పుడు నోటీసు వెళ్ళేది మనకు కాదు, కంపెనీకి. రద్దు చేయబోతున్నామన్న ఆ నోటీసుకు గడువులోగా జవాబివ్వాలి. కాబట్టి లాయరుతో ఒక ముక్క ముందే మాట్లాడుకుని, నోటీసు వస్తే ఆ రోజే చెప్పమనాలి.

`Issued` వచ్చాక కూడా టికెట్ వెంటనే కొనకండి. పాస్‌పోర్టు చేతికొచ్చాక వీసా మీద పేరు స్పెల్లింగు, గడువు తేదీ, పిటిషన్ వివరాలు ఐ-797తో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇక మీదట డీఎస్-160 నింపిన ప్రతిసారీ 'ఎప్పుడైనా వీసా తిరస్కరించారా' అన్న ప్రశ్న దగ్గర 'అవును' అని రాసి, 221(జి), ఆ తర్వాత వీసా వచ్చింది అని ఒక వాక్యంలో చెప్పాలి. కాదని రాస్తే, మామూలు కాగితాల ఆలస్యం కాస్తా అబద్ధం చెప్పిన కేసుగా మారే ప్రమాదముంది.