పాఠ్యపుస్తకంలో ఎవరు చేశారు, ఎవరు చూశారు?

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ ప్రాంతంలోని తెలుగు పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతారు. రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, రైల్వే కాలనీలో హిందీ వింటారు. "శాస్త్రవేత్త వచ్చాడు" అనే వాక్యాన్ని ఈ మూడు భాషల్లోనూ చెప్పి చూడండి. బెంగాలీలో క్రియకు లింగభేదం లేదు, సర్వనామానికీ లేదు. అందువల్ల వచ్చినది స్త్రీయో పురుషుడో ఆ వాక్యం చెప్పదు. హిందీలో క్రియ చెబుతుంది. తెలుగులో ఏకవచనంలో "వచ్చాడు" అనో "వచ్చింది" అనో తేల్చక తప్పదు. పైగా "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది", "వాన వచ్చింది" అనే మూడు వాక్యాల్లోనూ క్రియ ఒకటే.

ఇది మన వ్యాకరణం. దాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అయితే పాఠ్యపుస్తకాన్ని పరిశీలించే ఉపాధ్యాయులు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. "రైతు", "ఇంజనీరు", "శాస్త్రవేత్త" అనే మాటలకు లింగం లేదు, కాని వాక్యం చివరికొచ్చేసరికి "దున్నాడు", "నిర్మించాడు", "కనుగొన్నాడు" అని ముగుస్తుంది. బొమ్మ లేకపోయినా, పేరు లేకపోయినా పిల్లవాడి మనసులో ఒక పురుషుడు నిలబడతాడు. ఇంగ్లీషు పుస్తకాల కోసం తయారైన పరిశీలన పట్టికలను మనం యథాతథంగా వాడితే ఈ దోషం దొరకదు, ఎందుకంటే అవి నామవాచకాలను, సర్వనామాలను మాత్రమే వెదుకుతాయి. తెలుగులో క్రియాంతాలను వెదకాలి.

పరిష్కారం కూడా భాషలోనే ఉంది. మానవ బహువచనంలో, గౌరవవచనంలో మనకు లింగభేదం లేదు. "రైతులు దున్నారు", "శాస్త్రవేత్త కనుగొన్నారు" అనవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. పురుషులకు "కనుగొన్నారు" అనీ, స్త్రీలకు "కనుగొంది" అనీ అదే పుస్తకంలో రాస్తే గౌరవం ఒకరికి మాత్రమే దక్కినట్లవుతుంది. సి.వి. రామన్ కనుగొన్నారు, మేరీ క్యూరీ కనుగొంది అని రాసిన పేజీ ఎదురైతే అక్కడ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక పాఠాన్ని తీసుకుని పరీక్షిద్దాం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు. మన పరిశీలన కోసం మామూలుగా కనిపించే ధోరణిలో నేను రాసిన నమూనా.

"రాజు బ్యాటరీకి, బల్బుకు తీగలు కలిపాడు. బల్బు వెలిగింది. లక్ష్మి చూసి ఆశ్చర్యపోయింది. ఇది ఎలా జరిగిందని అన్నయ్యను అడిగింది. రాజు వివరించాడు. ఇంతలో అమ్మ వంటింట్లో మిక్సీ వేసింది. ఫ్యూజు పోయింది. నాన్న వచ్చి ఫ్యూజు మార్చాడు."

మనుషులను లెక్కపెట్టండి. రాజు, నాన్న ఒకవైపు, లక్ష్మి, అమ్మ మరొకవైపు. ఇద్దరికి ఇద్దరు, సమానమే! పేర్లు మాత్రమే లెక్కించే పరిశీలకుడు ఈ పాఠానికి పూర్తి మార్కులు వేసేస్తాడు. ఇప్పుడు క్రియలను లెక్కపెట్టండి. కలిపాడు, వివరించాడు, మార్చాడు అనేవి పురుషుల క్రియలు. ఆశ్చర్యపోయింది, అడిగింది, మిక్సీ వేసింది అనేవి స్త్రీల క్రియలు. సంఖ్యలో ఇవీ మూడుకు మూడే. కాని మొదటి మూడూ విద్యుత్తుతో తెలిసి చేసిన పనులు. రెండవ వరసలో ఒకటి ఆశ్చర్యం, ఒకటి ప్రశ్న, మూడవది పరికరాన్ని వాడడం, దాని వెంటనే ఫ్యూజు పోవడం. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది పాఠం ఎక్కడా చెప్పలేదు. అయినా ప్రతి వాక్యమూ అదే చెబుతోంది.

దీన్ని సరిదిద్దేటప్పుడు చాలామంది చేసే పని పేర్లు తారుమారు చేయడం. లక్ష్మి కలుపుతుంది, రాజు ఆశ్చర్యపోతాడు. దీనితో బొమ్మ తలకిందులైంది తప్ప, ఒకరు తెలివైనవారు, మరొకరు చూసేవారు అన్న ఏర్పాటు అలాగే ఉంది. పనిని పంచడం మేలు. ఇలా రాయవచ్చు:

"లక్ష్మి, రాజు బ్యాటరీకి, బల్బుకు తీగలు కలిపారు. బల్బు వెలగలేదు. తీగ కొసల మీద ప్లాస్టిక్ పొర అలాగే ఉందని లక్ష్మి గమనించింది. రాజు పొర ఒలిచాడు. బల్బు వెలిగింది. ఆ సాయంత్రం ఇంట్లో మిక్సీ, హీటరు ఒకేసారి వేయడంతో ఫ్యూజు పోయింది. అమ్మ మెయిన్ స్విచ్ ఆపి ఫ్యూజు మార్చింది. నాన్న టార్చి పట్టుకున్నాడు."

గమనించారా? పాఠంలోని విజ్ఞానం కూడా మెరుగైంది. పొర ఒలవాలని, ఫ్యూజు ఎందుకు పోతుందో, మార్చేముందు మెయిన్ ఆపాలని మొదటి పాఠంలో లేదు. ఒకరు చేయడం, మరొకరు అబ్బురపడడం అనే కథనంలో పొరపాటుకు, ఆలోచనకు చోటుండదు.

గణితంలో మరొక మచ్చు చూద్దాం. "నలుగురు పురుషులు లేదా ఆరుగురు స్త్రీలు ఒక పనిని 12 రోజుల్లో చేస్తారు. ఇద్దరు పురుషులు, ముగ్గురు స్త్రీలు కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు?" కాలము–పని అధ్యాయంలో ఈ రకం లెక్కలు తరతరాలుగా వస్తున్నాయి. సగం పని వీరు, సగం పని వారు చేస్తారు కనుక జవాబు 12 రోజులే. కాని లెక్క చేస్తూ చేస్తూ విద్యార్థి రాసుకునే మొదటి సమీకరణం "2 పురుషులు = 3 స్త్రీలు". గణితానికి ఇది అవసరం లేదు. "4 పెద్ద పంపులు లేదా 6 చిన్న పంపులు ఒక ట్యాంకును 12 గంటల్లో నింపుతాయి" అనండి. లెక్క, కష్టం, జవాబు ఏదీ మారదు. పైగా పంపుల సామర్థ్యంలో తేడా నిజంగానే ఉంటుంది.

ఇక్కడ లెక్కింపు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఉత్సాహంలో మనం తప్పుడు తీర్పులు ఇచ్చే ప్రమాదం ఉంది. ఒక అధ్యాయంలో 10 లెక్కలుండి, ఏడింటిలో అబ్బాయిల పేర్లు, మూడింటిలో అమ్మాయిల పేర్లు ఉన్నాయనుకోండి. వెంటనే పక్షపాతం అనకండి. నాణెం ఎగరేసి పేర్లు పెట్టినా ఏదో ఒకవైపు ఏడు లేక అంతకంటే ఎక్కువ పడడం సుమారు మూడు సార్లకు ఒకసారి జరుగుతుంది. పుస్తకమంతా లెక్కిస్తే 100కి 70 అబ్బాయిలే వచ్చారనుకోండి, అది యాదృచ్ఛికంగా జరగడానికి అవకాశం పదివేలలో ఒకటి కూడా లేదు. కాబట్టి అధ్యాయంతో ఆగకుండా పుస్తకం మొత్తం చూడాలి.

పుస్తకాల ప్రభావం పిల్లల మీద ఎలా తెలుస్తుంది? శాస్త్రవేత్త బొమ్మ గీయమనడం ఒక సులువైన పద్ధతి. డేవిడ్ ఛాంబర్స్ 1983లో ప్రచురించిన పరిశోధనలో 4,807 మంది చిన్నపిల్లలు ఇలా గీశారు. అందులో స్త్రీ శాస్త్రవేత్తల బొమ్మలు 28 మాత్రమే. ఆ 28 కూడా అమ్మాయిలు గీసినవే. అమెరికాలో తర్వాతి దశాబ్దాల పరిశోధనలన్నిటినీ కలిపి 2018లో చూసినప్పుడు ఈ వాటా సుమారు 28 శాతానికి పెరిగింది. అయితే వయసుతో పాటు అమ్మాయిలు కూడా పురుషులనే ఎక్కువగా గీస్తున్నారని అందులో తేలింది. ఇందులో పుస్తకం పాత్ర ఎంత, ఇల్లు, టీవీ, బడి పాత్ర ఎంత అని ఈ బొమ్మలు విడదీసి చెప్పవు. మీ తరగతిలో ఈ పని చేయించాలంటే ఒక జాగ్రత్త అవసరం. "శాస్త్రజ్ఞుడి బొమ్మ గీయండి" అంటే జవాబు మీరే చెప్పేసినట్లు. "శాస్త్రవేత్త పనిచేస్తున్నట్లు గీయండి" అనాలి.

ప్రముఖ మహిళల గురించి ఒక పెట్టె వేసి పుస్తకాన్ని సరిచేశామనుకోవడం తరచు కనిపిస్తుంది. పెట్టెలోని మనిషి పరీక్షకు రాదు. ఉదాహరణకు అయ్యలసోమయాజుల లలితను తీసుకోండి. తెలుగు కుటుంబంలో 1919లో పుట్టి, పద్దెనిమిదేళ్లకే భర్తను కోల్పోయి, చిన్నబిడ్డతో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టం పొందారు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ తీసుకున్నారు. తర్వాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. ఈమెను "తొలి మహిళ" అనే పెట్టెలో పెట్టడం కంటే జనరేటరు పాఠంలోనే ఒక ఇంజనీరుగా చూపితే పిల్లలకు ఆమె పని అర్థమవుతుంది. వర్క్‌షాపు సైరనుకు లేచే ఖరగ్‌పూర్ పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంది?

ఇక మన నోటి మాట. పుస్తకం మారడానికి ఏళ్లు పడుతుంది, మాట రేపే మారవచ్చు. తరగతిలో అబ్బాయిని "ఏరా" అనీ, అమ్మాయిని "ఏమ్మా" అనీ పిలవడం మన అలవాటు, అందులో ఆప్యాయత ఉంది. చూడవలసింది దాని తర్వాత వచ్చే మాట. "ఏరా, ఎందుకలా జరిగింది?" "ఏమ్మా, రాసుకున్నావా?" అని పదేపదే వస్తే ప్రశ్న ఒకరికి, రికార్డు మరొకరికి వెళ్తోంది. "అమ్మాయిల రికార్డులు ముత్యాల్లా ఉంటాయి" అనే మెచ్చుకోలు, "మగపిల్లాడివి, ఏడుస్తావేం?" అనే మందలింపు ఒక కోవకు చెందినవే. బల్లలు మోయడానికి అబ్బాయిలు, అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడానికి అమ్మాయిలు అన్న పంపకం కూడా ఆలోచన లేకుండానే జరిగిపోతుంది.

దీన్ని తనకు తాను గమనించడం కష్టం. తోటి ఉపాధ్యాయులను వెనుక బెంచీలో కూర్చోమనండి. కూర్చున్న వరసల పటం గీసి, మీరు పిలిచిన ప్రతిసారి ఆ పిల్లల చోట ఒక గీత పెట్టమనండి. జ్ఞాపకం ఉందా అని అడిగే ప్రశ్నకు నిలువు గీత, ఎందుకు, ఎలా అనే ప్రశ్నకు అడ్డగీత. మరొక తరగతిలో మీరు ఎంతసేపు ఆగారో చూడమనండి. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని మేరీ బడ్ రో 1970ల్లో చూపారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, జవాబు చెప్పేవారూ పెరుగుతారు. చేయి ఎత్తే ముందు ఆలోచించుకునే పిల్లలకు ఆ రెండు సెకన్లే అవకాశం.

ఈ కింది ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని పాఠం పక్కన పెట్టుకోండి.

1. పుస్తకమంతటా పేర్లు, బొమ్మలు ఎన్నెన్ని? బొమ్మల్లో ఎవరి చేతిలో పరికరం ఉంది, ఎవరు పక్కన నిలుచున్నారు?

2. లింగం లేని నామవాచకాల తర్వాత క్రియ "-ఆడు"తో ముగుస్తోందా? "ఒకడు", "శాస్త్రజ్ఞుడు", "కార్మికుడు" అని అవసరం లేకుండా వచ్చిందా?

3. గౌరవవచనం అందరికీ ఒకేలా ఉందా?

4. ఎవరు వివరిస్తున్నారు? ఎవరు అడుగుతున్నారు? ఎవరి పొరపాటు వల్ల కథ నడుస్తోంది?

5. డబ్బు ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరు ఖర్చు పెడుతున్నారు? లెక్కల్లో "వ్యాపారి కొన్నాడు" అని ఉండి, బజారులో కూరలు అమ్మే స్త్రీలు పుస్తకంలో కనిపించకపోతే అది వాస్తవానికి కూడా దూరం.

6. ఇంటిపని చేసే పురుషులు ఉన్నారా? కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పుస్తకంలో తండ్రి కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు.

7. అబ్బాయిలకు భయం, దిగులు, ఆప్యాయత చూపే అవకాశం ఉందా?

8. చారిత్రక పాఠమైతే, స్త్రీలు లేకపోవడానికి కారణం చెప్పారా? లేనివారిని కల్పించడం పరిష్కారం కాదు. ప్రవేశం ఎవరికి ఉండేది, ఎవరికి లేదు అని ఒక వాక్యం చేరిస్తే చాలు.

దోషం దొరికినంత మాత్రాన ప్రభుత్వ పుస్తకాన్ని మనం మార్చలేము. అయితే పాఠం చదివించేటప్పుడు "నలుగురు పురుషులు" అన్నచోట "నాలుగు పంపులు" అని బోర్డు మీద రాయవచ్చు. లేదా పాఠాన్ని అలాగే చదివించి, "ఇందులో ఎవరికి ఏ పని ఇచ్చారో రెండు వరసలుగా రాయండి" అని ఏడో తరగతి పిల్లలకే అప్పగించవచ్చు. పేజీ సంఖ్య, వాక్యం, మీరు సూచించే సవరణ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే, పుస్తకాల పునర్ముద్రణ సమయంలో పంపడానికి సిద్ధంగా ఉంటుంది. తరగతి గీతల పటాన్ని మాత్రం ఆరు వారాల తర్వాత మళ్లీ గీయించండి. మొదటిసారి ఎవరో చూస్తున్నారని తెలిసి మనమంతా కొంచెం జాగ్రత్తగా ఉంటాము, రెండవ పటమే నమ్మదగినది.