పార్వతి రేకులు ఎందుకు లెక్కపెట్టింది?

సాహిత్య వ్యాసాలు దిద్దేవాళ్ళకి బాగా అలవాటైన వాక్యం ఒకటుంది: “ఈ శ్లోకంలో శృంగార రసం ఉప్పొంగుతున్నది, ధ్వని చక్కగా పోషింపబడినది.” దాన్ని ఏ శ్లోకం కిందికి తెచ్చి అతికించినా అతుకుతుంది. అందుకే దానికి మార్కులు పడవు. రసం ఉందని చెప్పడం సులువే. ఎక్కడుంది, ఏ మాట దాన్ని మోస్తోంది, చెప్పని విషయం మనకెలా అందింది అన్నవి చూపించడమే కష్టం. అది ఎలా చేయాలో ఒక్క శ్లోకం మీద చూద్దాం.

కాళిదాసు కుమారసంభవం, ఆరో సర్గ. శివుడి తరఫున సప్తర్షులు హిమవంతుడి ఇంటికి వచ్చి పిల్లను అడిగారు. ఆ మాటలు పూర్తవుతుండగా వచ్చే చిన్న శ్లోకంలో జరిగేది ఇంతే: దేవర్షి అలా మాట్లాడుతుంటే, తండ్రి పక్కనే ఉన్న పార్వతి తల వంచుకుని, చేతిలో ఆటకు పట్టుకున్న తామరపువ్వు రేకులు లెక్కపెట్టింది. సిగ్గు, ప్రేమ, ఆనందం అనే మాటల్లో ఒక్కటీ లేదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు ధ్వనికి ఉదాహరణగా ఈ శ్లోకాన్ని ఎత్తుకున్నది అందుకే.

వ్యాసంలో మొదటి పేరా సందర్భానికి ఇవ్వాలి. అలంకారశాస్త్రం దీన్ని ప్రకరణం అంటుంది. చాలామంది ఇక్కడే జారతారు. దేవర్షి అనగానే నారదుడని రాసేస్తారు. మొదటి సర్గలో పార్వతిని తండ్రి దగ్గర చూసి, ఈమె శివుడి భార్య అవుతుందని చెప్పింది నారదుడే కాబట్టి ఆ పొరపాటు సహజమే. ఇక్కడ మాట్లాడింది మాత్రం అంగిరసుడు. ఋషులే ఆయన్ని ముందుకు పంపారు. ఇంతకన్నా ముఖ్యమైనది ఇదే సర్గ మొదట్లో ఉంది. తపస్సు ఫలించి శివుడు ఒప్పుకున్నాక, నన్ను ఇచ్చేది మా నాన్న, ఆయన్నే అడగమని చెలికత్తె చేత చెప్పించింది పార్వతే. అంటే ఈ పెళ్ళి మాట ఆమెకు కొత్త కాదు. ఋషులు రావడానికి కారణం ఆమే. ఈ సంగతి పక్కన పెడితే మిగిలేది పువ్వుతో ఆడుకుంటున్న ఒక అమ్మాయి మాత్రమే.

ఈ మాట నా సొంతం కాదు. ధ్వన్యాలోకానికి లోచనమనే వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు దాదాపు ఇదే అంటాడు. ఆడపిల్లలు తల వంచుకోవడానికి, రేకులు లెక్కపెట్టడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. కాబట్టి ఆ చేష్టలు చూడగానే సిగ్గు తోచదు. వెనకటి తపస్సు వగైరా గుర్తుకు వచ్చాకే తోస్తుంది. ముందు మాటల అర్థం, తర్వాత ఒక జ్ఞాపకం, ఆ తర్వాత సిగ్గు. ఈ మెట్లు మనకు తెలుస్తూనే ఉంటాయి కాబట్టి దీన్ని సంలక్ష్యక్రమ వ్యంగ్యం అన్నారు, అంటే క్రమం తెలిసేలా అందే సూచన. శివుడి మీద ఆమెకున్న రతి, దాని నుంచి వచ్చే శృంగార రసం మాత్రం ఆ సిగ్గు వెనక ఇంకా దూరంగా ఉంటాయి. సిగ్గు తోచాక రసం ఎప్పుడు తట్టిందో మనకే తెలియదు, అక్కడ క్రమం కనబడదు. ఒకే శ్లోకంలో ఈ రెండు తీరులూ ఉన్నాయని విడదీసి రాస్తే వ్యాసంలో సగం పని అయినట్టే.

రెండో పని మాటల్ని పరీక్షించడం. కమలం అన్నచోట పద్మమో అరవిందమో పెట్టి చూడండి, సూచన చెదరదు. కాబట్టి ఇది శబ్దం మీద నిలిచిన ధ్వని కాదు, అర్థం మీద నిలిచినది. తండ్రి పక్కన అన్నమాట తీసేస్తే మాత్రం శ్లోకం సగం చచ్చిపోతుంది. దాచుకోవలసిన మనిషి పక్కనే ఉండటం వల్లే కదా ఆ లెక్కపెట్టడం!

ఆనందవర్ధనుడు దీని వెంటనే మరో శ్లోకం చూపిస్తాడు. అందులోనూ చేతిలో ఆటపువ్వే. కలుసుకునే వేళ ఎప్పుడో తెలుసుకోవాలనుకుంటున్న విటుణ్ణి చూసి, నేర్పరి అయిన ఒకామె పువ్వును ముడుస్తుంది. తామర ముడుచుకునేది సాయంత్రం కాబట్టి వేళ చెప్పినట్టయింది. అయితే ఆమె తన ఆంతర్యాన్ని నవ్వే కళ్ళతో తెలిపిందని కవి మాటల్లోనే చెప్పేశాడు. అందుకని అది ధ్వనికి ఉదాహరణ కాదంటాడు ఆనందవర్ధనుడు. గుట్టు కవి నోటే బయటపడితే ఇక సూచించడానికేం మిగిలింది? మీ వ్యాసంలో ఈ రెండు పువ్వులనూ పక్కపక్కన పెడితే నిర్వచనాలు వల్లెవేసే అవసరం ఉండదు.

ఇక అసలు తగువు. రేకుల లెక్క వెనక ఉన్న భావం ఏది? ఆనందవర్ధన, అభినవగుప్తుల సంప్రదాయం లజ్జ అంటుంది. మెతుకుసీమ కొల్చారం వాడని ప్రతీతి ఉన్న మన మల్లినాథసూరి తన వ్యాఖ్యలో అవహిత్థ అంటాడు. సిగ్గు మొదలైన కారణాలతో సంతోషం వంటివాటిని పైకి కనబడకుండా దాచడమే అవహిత్థ. పెళ్ళిచూపుల్లో పిల్ల కొంగు అంచు వేలికి చుట్టుకుంటుంటే సిగ్గుపడుతోందని అనొచ్చు, నవ్వు ఆపుకుంటోందనీ అనొచ్చు. నా మొగ్గు మల్లినాథుడి వైపు. సిగ్గు చెప్పడానికి తల వంచుకోవడమొక్కటే చాలు. కవి అక్కడ ఆగకుండా లెక్కపెట్టించాడు. లెక్క అంటే మనసు మరొక పనిలో ఉందని చూపడం, ఒక నెపం. తాను కోరి రప్పించిన సంబంధం తండ్రి ఎదుట మాటగా వినబడుతున్నప్పుడు దాచవలసింది సంతోషమే. మీరు లజ్జ వైపే నిలబడినా తప్పులేదు, కానీ ఏ పదం మిమ్మల్ని అటు తీసుకెళ్ళిందో చెప్పాలి.

ధ్వని పేరుతో దారి తప్పడమూ సులువే. రేకుల లెక్క పెళ్ళికి మిగిలిన రోజులను సూచిస్తోందని ఎవరైనా రాయొచ్చు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ ముహూర్తం సంగతి ఆ సర్గ చివర వస్తుంది. ఋషులను అడిగితే మూడు రోజుల తర్వాత అంటారు. రేకులు లెక్కపెట్టే వేళకు రోజులే లేవు. కావ్యం ఇవ్వనిదాన్ని మనం తెచ్చి పెడితే అది మన ఊహే అవుతుంది.

రసం దగ్గరికి వచ్చేసరికి విభావానుభావాల పట్టిక గీయకండి. ఒక్క పేరాలో ఇలా రాయవచ్చు: “పార్వతి రతికి ఆలంబనమైన శివుడు ఈ శ్లోకంలో లేడు. అతడి తరఫు మాట మాత్రమే ఉంది, అదే ఉద్దీపనం. తల వంపు, రేకుల లెక్క అనుభావాలు. అవి పైకి చూపేది సిగ్గు, కప్పిపెట్టేది హర్షం. కోరిక తీరబోతోంది గాని ఇంకా కలయిక లేదు కాబట్టి ఇది సంభోగ శృంగారం కాదు.” శివుడు లేకపోవడాన్ని గమనించిన వ్యాసాలు అరుదు. ఆలంబనం కంటబడకుండానే రసం నిలబడటం ఈ శ్లోకంలోని నేర్పు. పార్వతి ఒక్క మాట మాట్లాడకపోవడం గురించి కూడా ఒక వాక్యం కేటాయించండి. తర్వాతి శ్లోకంలో హిమవంతుడు కూతురి వైపు కాక భార్య మేన ముఖం వైపు చూస్తాడు. అది వేరే భావం, వేరే వ్యాసం.