ఎవరన్నారో తెలియకుండా చెప్పడం ఎలా?

లిలువాలో ఒక శాఖ ఉందనుకుందాం. రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు కనుక నెల మొదట్లో పెన్షనర్ల తాకిడి ఉంటుంది. అక్కడి ఒక అధికారి పనితీరుపై సాటి అధికారులు ఐదుగురు, కింది సిబ్బంది ఇద్దరు, పై అధికారి ఒకరు ఐదేసి మార్కులకు అభిప్రాయం ఇచ్చారు.

ముగ్గురైనా లేని వర్గం మార్కులను విడిగా చూపకపోవడం వాడుకలో ఉన్న పద్ధతి. పై అధికారి ఒక్కరే కనుక ఆయన మాట దాగదు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాలి.

చిక్కంతా ఆ ఇద్దరితోనే. వారి సగటు చూపకుండా, సాటి అధికారుల సగటు 4.4 అనీ, ఇద్దరితో కలిపి ఏడుగురి సగటు 4 అనీ వేశామనుకోండి. ఏడుగురి మొత్తం 28, ఐదుగురిది 22. మిగిలిన 6 ఆ ఇద్దరివే, అంటే సగటు 3. దాచిందంతా ఒక్క తీసివేతతో బయటపడింది. బ్యాంకు వాళ్లకు లెక్క రాదా మరి! అందుకే ఏడుగురికీ కలిపి ఒకే సగటు ఇవ్వాలి, విడి సగటులేవీ వద్దు.

మాటలతోనూ ఇదే ఇబ్బంది. “పెన్షన్ల రోజున కౌంటర్లో నన్నొక్కదాన్నే వదిలేశారు” అన్నది ఎవరో చదవగానే తెలిసిపోతుంది. “రద్దీ రోజుల్లో సిబ్బందికి ఆయన సాయం అందడం లేదు” అని మార్చి రాయాలి. పదును కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఆమె పేరు బయటపడితే వచ్చే ఏడాది ఆ గడిలో “బాగుంది” అని తప్ప మరేమీ రాయదు.