మెయిల్‌లో మూడు చుక్కలు

"ఓకే... రేపు చూద్దాం..." మేనేజరు దగ్గర్నుంచి ఈ మెయిల్ వచ్చిన రోజు, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. తన పనిలో ఏదో తప్పు దొరికిందనుకుంది. ఆయనకేమో ఆ చుక్కలు మాటల మధ్య తీసుకునే ఊపిరి, అంతే. "ఓకే. రేపు పదకొండింటికి చూద్దాం." అని ఉంటే ఆమెకు ఆ బెంగే ఉండేది కాదు.

ఇంగ్లిష్‌లో వాక్యమంతా క్యాపిటల్స్‌లో రాస్తే చదివేవాళ్లకు అరిచినట్టే ఉంటుంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా లేదు కాబట్టి ఆ అరుపు మనకు వెంటనే వినపడదు. గడువు ముఖ్యమైతే తేదీని సబ్జెక్ట్ లైన్‌లో పెట్టండి.

ఇటాలిక్స్ ఒక్క మాటకైతే బాగుంటాయి. కానీ మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌గా తెరుచుకుంటే ఆ వాలు కనిపించదు. అందుకే నొక్కి చెప్పాల్సింది వాక్యంలోనే ఉండాలి: "రిపోర్టు గురువారం కాదు, శుక్రవారం కావాలి."

ఆశ్చర్యార్థకం నా లెక్కలో మెయిల్‌కి ఒకటి చాలు, అదీ "థ్యాంక్యూ!" దగ్గర. "ఫైలు ఇంకా రాలేదు!" అన్నచోట అదే గుర్తు నిలదీసినట్టు ఉంటుంది.