అయిదుకు ఎంత?

మొత్తం అనుభవం ఎంత? ఈ ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం ఎంత? నోటీస్ పీరియడ్ ఎన్నాళ్ళు? ఇప్పుడు జీతం ఎంత, ఎంత అడుగుతున్నారు? ఎస్‌క్యూఎల్‌లో మీకు మీరు అయిదుకు ఎన్ని మార్కులు వేసుకుంటారు? పవర్ బీఐ వాడారా? పైథాన్ వచ్చా? హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం మారాలనుకున్న వాళ్ళందరికీ ఈ పట్టిక కంఠతా వచ్చి ఉంటుంది. రిక్రూటర్ మెయిల్లో పంపుతారు, లేదా జాబ్ సైటులో దరఖాస్తు నొక్కగానే అదే తెరుచుకుంటుంది. జీతం గడి దగ్గర అరగంట ఆలోచించేవాళ్ళు మార్కుల గడి దగ్గర అర నిమిషం కూడా ఆగరు. చాలామంది కళ్ళు మూసుకుని నాలుగు వేసేస్తారు. మూడంటే తక్కువనుకుంటారేమో, అయిదంటే పొగరనుకుంటారేమో అన్న లెక్క తప్ప ఆ నాలుగు వెనక ఇంకేమీ ఉండదు.

ఈ గడిలో ఏం రాయాలో తెలియాలంటే, రాసింది ఎక్కడికి వెళ్తుందో ముందు తెలియాలి. రిక్రూటర్ సాధారణంగా టెక్నికల్ మనిషి కాదు. వాళ్ళ దగ్గర ఖాళీగా ఉన్న పోస్టు వివరాలుంటాయి, అందులో తప్పనిసరి నైపుణ్యాలు కొన్ని, ఉంటే మంచిదన్నవి కొన్ని. పక్కన ఒక ఎక్సెల్ షీటు, అభ్యర్థికో వరస. మీరు పంపిన జవాబు చాలాసార్లు ఉన్నదున్నట్టుగా ఆ వరసలోకి ఎక్కి, అక్కణ్ణుంచి టీమ్ మేనేజరుకు వెళ్తుంది. రేపు ఇంటర్వ్యూ చేసే మనిషి మీ ఎదుట కూర్చునేటప్పటికి మీ రెజ్యూమెతో పాటు ఆ వాక్యం కూడా చేతిలో ఉంటుంది. కాబట్టి ఆ జవాబుకు పాఠకులు ఇద్దరు. అర్థం కాకపోయినా కాపీ చేసేవాళ్ళు ఒకరు, కాపీ అయినదాన్ని పట్టుకుని ప్రశ్నలు వేసేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళను దాటడానికి రాసిన అంకె రెండోవాళ్ళ దగ్గర ఇరికిస్తుంది.

ఎలా ఇరికిస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఎస్‌క్యూఎల్‌కు నాలుగు వేసుకున్న అభ్యర్థిని ఇంటర్వ్యూలో టేబుల్ అంటే ఏమిటని అడగరు. ఆ అంకెకు తగ్గ చోటునుంచే మొదలుపెడతారు. కస్టమర్లందరి జాబితా కావాలి, వెయ్యి రూపాయలు దాటిన ఆర్డర్లుంటే పక్కన చూపించాలి, లేకపోతే పేరు ఒక్కటే ఉండాలి అని చెప్పి, ఈ క్వెరీ ముందు పెట్టి ఇది సరిపోతుందా అంటారు.

```sql
SELECT c.name, o.amount
FROM customers c
LEFT JOIN orders o
  ON o.customer_id = c.id
WHERE o.amount > 1000;
```

చూడ్డానికి బాగానే ఉంది. `LEFT JOIN` ఉంది కాబట్టి ఆర్డర్లు లేని కస్టమర్లు కూడా వస్తారనిపిస్తుంది. కానీ వాళ్ళకు `amount` దగ్గర ఖాళీ ఉంటుంది. ఖాళీ వెయ్యి కన్నా ఎక్కువా అని `WHERE` అడిగితే అవునన్న జవాబు రాదు, ఆ వరసలన్నీ రాలిపోతాయి. ఆ షరతును `ON` పక్కకు చేరిస్తే అందరూ నిలుస్తారు. రోజూ రిపోర్టులు రాసేవాళ్ళకు ఇది ఎప్పుడో ఒకసారి తగిలిన దెబ్బే, చూడగానే చెప్పేస్తారు. కోర్సులో జాయిన్ల రకాలు వల్లెవేసి నాలుగు వేసుకున్నవాళ్ళు తడబడతారు. విచిత్రం ఏమిటంటే, అదే తడబాటు రెండు వేసుకున్న మనిషి దగ్గర ఎవరికీ తప్పుగా కనిపించదు. నాలుగు వేసుకున్నాక మాత్రం ఆ తర్వాత చెప్పే ప్రతి మాటనూ ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అనుమానంగానే వింటారు.

అసలు చిక్కు ఆ కొలబద్దతోనే. అయిదుకు ఎంత అని అడుగుతారు గానీ మూడంటే ఏమిటో, నాలుగంటే ఏమిటో చెప్పరు. చెప్పనప్పుడు మీరే చెప్పేయడం మేలు. నేను వాడే కొలత ఇది: ఎవరి సాయమూ లేకుండా మామూలు పని పూర్తిచేయగలిగితే మూడు. మిగతావాళ్ళు ఇరుక్కున్నప్పుడు మీ దగ్గరికి వస్తుంటే నాలుగు. పక్కన ఎవరో ఒకరు ఉంటేనే పని జరిగితే రెండు. పాఠాల్లో చూసి, చేత్తో కాస్త చేసి చూసినదైతే ఒకటి. అయిదు గడిని నేనైతే దాదాపు ఎవరికీ సిఫారసు చేయను, అది ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు సరదా పుట్టించే అంకె.

సాధనాల ప్రశ్నలో చిక్కు ఇంకోలా ఉంటుంది. పవర్ బీఐ వాడారా అంటే, వేరేవాళ్ళు తయారుచేసిన డాష్‌బోర్డు రోజూ పొద్దున తెరిచి అంకెలు చూసుకునే మేనేజరు కూడా వాడినట్టే. ఉన్న రిపోర్టులో ఒక కాలమ్ చేర్చినవాళ్ళూ వాడినట్టే, డేటా తెచ్చుకుని శుభ్రం చేసి మొత్తం రిపోర్టు కట్టినవాళ్ళూ వాడినట్టే, కంపెనీలో అందరి రిపోర్టులకూ అనుమతులిచ్చి సర్వర్ నడిపేవాళ్ళూ వాడినట్టే. చూశాను, మార్చాను, కట్టాను, నడిపాను: ఈ నాలుగింటిలో మీది ఏదో ఆ క్రియతోనే రాస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక అమ్మాయి అనుకోండి. మొత్తం అనుభవం నాలుగేళ్ళు. మొదటి 18 నెలలు సపోర్టులో టికెట్లు చూసింది. తర్వాత 30 నెలలుగా రిపోర్టుల టీములో ఉంది. అందులో మొదటి 8 నెలలు ఎక్సెల్‌తోనే నడిచాయి, ఆ తర్వాత 22 నెలలు పవర్ బీఐ. పైథాన్ కోర్సు చేసింది, ఆఫీసులో మాత్రం ఒకటే స్క్రిప్టు రాసింది. రిక్రూటర్ నాలుగు గడులు పంపారు: ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్, క్లౌడ్.

ఆమె మొదట రాసుకున్నది ఇలా ఉంటుంది: ఎస్‌క్యూఎల్ 4, పవర్ బీఐ 4 ఏళ్ళు, పైథాన్ 3, క్లౌడ్ అవును. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం లేదు. నాలుగేళ్ళు మొత్తం అనుభవాన్నే పవర్ బీఐ గడిలోనూ దించేసింది, అంతే. ఇది అందరూ చేసే పొరపాటు. ఉద్యోగంలో చేరిన తేదీ నుంచి కాకుండా ఆ సాధనం మీద చెయ్యి పడిన తేదీ నుంచి లెక్క పెట్టాలి, మధ్యలో వేరే ప్రాజెక్టుకు వెళ్ళిన నెలలు తీసేయాలి.

సరిచేశాక ఎస్‌క్యూఎల్ గడి ఇలా మారుతుంది. మెయిల్ ఇంగ్లిషులోనే వెళ్తుందనుకోండి, సారం మాత్రం ఇదీ: “3. పోస్ట్‌గ్రెస్‌లో రెండున్నరేళ్ళుగా రోజూ రిపోర్టు క్వెరీలు సొంతంగా రాస్తున్నాను. విండో ఫంక్షన్లు వాడతాను. స్టోర్డ్ ప్రొసీజర్లు రాయలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పనిచేయలేదు.”

చివరి రెండు వాక్యాలు రాయడానికి మనసొప్పదు. ఎవరూ అడగని లోటును మనమే ఎందుకు బయటపెట్టుకోవాలనిపిస్తుంది. కానీ చదివేవాళ్ళ వైపునుంచి చూడండి. ఎక్కడ ఆగిపోతారో చెప్పిన మనిషి, ఆగక ముందు చెప్పినవాటిని నిజంగా చేసి ఉంటారన్న నమ్మకం కలుగుతుంది. మరో సంగతి, ఎస్‌క్యూఎల్ సర్వర్ మాట రాయకపోతే రిక్రూటర్‌కు ఆ తేడా తెలిసే అవకాశం తక్కువ. పోస్టుకు అదే తప్పనిసరి అయితే ఇంటర్వ్యూ దాకా వెళ్ళి మరీ తిరిగిరావాలి. ఒక సెలవు దండగ. తప్పనిసరి కాకపోతే మేనేజరు ఆ వాక్యం చదివి, క్వెరీలు చాలావరకు ఒకటే కదా, పర్లేదు అనుకుంటారు.

పవర్ బీఐ గడి: “22 నెలలు, ఇప్పటికీ వాడుతున్నాను. మొదటి ఏడాది ఉన్న రిపోర్టుల్లో మార్పులు చేశాను. ఆ తర్వాత 10 నెలల్లో 6 రిపోర్టులు మొదటినుంచీ నేనే కట్టాను. అనుమతులు, సర్వర్ వ్యవహారం వేరే టీము చూస్తుంది.” ఇందులో ఇప్పటికీ అన్న చిన్నమాట విలువైనది. మూడేళ్ళ కిందట వదిలేసిన సాధనమైతే ఆఖరుగా ఎప్పుడు వాడారో అంతే చిన్నగా రాయాలి.

పైథాన్: “1. ఆఫీసులో ఒకటే స్క్రిప్టు, నెలకోసారి ఎక్సెల్ ఫైళ్ళు కలపడానికి. మిగతాది కోర్సులో నేర్చుకున్నది.” క్లౌడ్: “లేదు. వేరేవాళ్ళు పెట్టిన ఫైళ్ళు దించుకోవడం మాత్రమే.” అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి దాన్ని రెండేళ్ళ అనుభవంగా రాయించే సలహాదారులు మనవాళ్ళకు కొత్త కాదు. ఉద్యోగం చేసిన తేదీలు పీఎఫ్ ఖాతా చరిత్రలో కనబడతాయి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడుగుతారు కూడా. ఆ ఉద్యోగంలో ఏం చేశారన్నది ఏ కాగితమూ చెప్పదు, అది తేలేది పది నిమిషాల సంభాషణలోనే.

వాక్యం రాసే చోటు లేకుండా అంకె ఒక్కటే తీసుకునే ఫారాలు కూడా ఉంటాయి. పవర్ బీఐ ఎన్నేళ్ళు అంటే 22 నెలలను ఏం చేయాలి? రెండు అని రాసి, రెజ్యూమెలో నెలలు స్పష్టంగా ఉంచితే తప్పేమీ లేదని నా అభిప్రాయం. 14 నెలలను రెండు చేయడం మాత్రం వేరే వ్యవహారం. మూడేళ్ళ పైథాన్ ఉందా, అవును, కాదు అని రెండే బొత్తాలుంటే మన అమ్మాయి కాదు నొక్కాల్సిందే. ఆ ఒక్క నొక్కుతో ఎవరూ చూడకుండానే దరఖాస్తు పక్కకు పోవచ్చు. నిజం రాసినందుకు పడే ఈ దెబ్బ తప్పించుకోలేనిది. పోస్టు మిగతా అన్నివిధాలా సరిపోతుందనిపిస్తే ఆ రిక్రూటర్‌కు విడిగా రెండు వాక్యాలు రాసి చూడొచ్చు, జవాబు రాకపోవచ్చు కూడా.

తక్కువ వేసుకునేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆరేళ్ళు టెస్టింగులో ఉండి, సెలీనియం స్క్రిప్టులు వందల్లో రాసి, అయినా అన్నీ తెలియవు కదా అని రెండు వేసుకునేవాళ్ళున్నారు. షీటులో వడపోత మూడు దగ్గర పెడితే వాళ్ళ పేరు మేనేజరు కంట్లోనే పడదు. అణకువ ఇంట్లో మంచిదే, ఈ గడిలో అది కూడా తప్పుడు సమాచారమే. అన్నీ తెలియడం గురించి ఎవరూ అడగలేదు, సొంతంగా పని పూర్తవుతుందా అనే అడిగారు.

కొందరు రిక్రూటర్లు మెయిల్ పంపకుండా ఫోన్ చేస్తారు. “మేడమ్, ఎస్‌క్యూఎల్‌కి అయిదుకి ఎంత ఇచ్చుకుంటారు?” అని గబగబా అడుగుతారు, అవతల కీబోర్డు టకటక వినబడుతుంటుంది. “మూడండీ, పోస్ట్‌గ్రెస్‌లో రోజూ రాస్తాను, ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడలేదు” అన్నంత పొడవు జవాబు టైపు చేసుకోవడానికి సరిపోతుంది. అంతకు మించి చెబితే వాళ్ళకు తోచిన ముక్క ఎక్కించుకుంటారు. ఫోన్ పెట్టేశాక అవే జవాబులు ఒక మెయిల్‌గా పంపిస్తే, షీటులోకి మీ మాటలే వెళ్ళే అవకాశం ఎక్కువ. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి తెరిచి చూసుకోవడానికి మీ దగ్గరా ఒక కాపీ ఉంటుంది.